జవాబివ్వని గైడుకు పీహెచ్‌డీ ప్రోగ్రెస్ మెయిల్ రాయడం ఎలా: ఉద్దానం నీళ్ల శాంపిల్స్‌తో ఒక పూర్తి ఉదాహరణ

గైడ్ విశాఖలో ఉండడం, స్కాలర్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండడం మన వైపు మామూలే. ఆయనకు క్లాసులు, పరీక్షల డ్యూటీ, కమిటీలు, పైగా ఇంకో ఐదారుగురు స్కాలర్లు ఉంటారు. మన మెయిల్‌ని ఆయన రెండు మీటింగుల మధ్య ఫోన్‌లో తెరుస్తారు, అందులో చదివి ఆలోచించాల్సింది ఏదైనా కనిపిస్తే "సాయంత్రం చూద్దాం" అనుకుంటారు, సాయంత్రానికి దాని మీద ఇంకో ముప్ఫై మెయిల్స్ వచ్చి పడతాయి. మనం మాత్రం ఇక్కడ సార్‌కి కోపం వచ్చిందేమో, పని నచ్చలేదేమో అని టెన్షన్ పడుతూ వారాలకు వారాలు పని ఆపేసి కూర్చుంటాం.

అందుకని ఇక్కడ చెప్పేది ఒకే రకం మెయిల్ గురించి. ఆయన కారిడార్‌లో నిలబడి ఒక నిమిషంలో జవాబు ఇవ్వగలిగేలా ఉండాలి, ఒకవేళ ఇవ్వకపోయినా మన పని ఆగకూడదు. ఈ రెండూ కుదిరేలా ఎలా రాయాలో ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి వరకు చూద్దాం.

ఉదాహరణకి ఒక స్కాలర్‌ని ఊహించుకుందాం. ఈ అమ్మాయిది సోంపేట వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు కాబట్టి అక్కడి భూగర్భ జలాల మీద ఎన్నో కోణాల్లో పని జరుగుతూనే ఉంది. ఈమె థీసిస్ కవిటి, సోంపేట, కంచిలి మండలాల బోరు నీళ్లలోని రసాయన గుణాల మీద. మే నెలలో 42 బోర్ల నుంచి శాంపిల్స్ తీసింది, ల్యాబ్ ఫలితాలు చేతికొచ్చాయి, వర్షాల తర్వాత మళ్లీ అవే బోర్ల నుంచి తీయాలి. మూడు నెలలుగా గైడ్ నుంచి మాట లేదు. దసరా సెలవులు అయిపోయాయి, ఇప్పుడు మెయిల్ రాయాలి.

మొదటి పని: ఆయన మాత్రమే చెప్పగలిగినవి ఏవో తేల్చుకోవడం

మెయిల్ తెరవకముందు ఒక కాగితం తీసుకుని, పని ఎక్కడెక్కడ ఆగిందో అన్నీ రాయండి. ఒక పదో పన్నెండో వస్తాయి. తర్వాత ఒక్కొక్కదాని పక్కన, దీనికి జవాబు ఎవరు చెప్పగలరు అని రాసుకోండి. మన అమ్మాయి కాగితంలో, ఏ అయాన్లు ఎంత పాళ్లలో ఉన్నాయో చూపించే పైపర్ డయాగ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో రావట్లేదు అని ఉంది, అది సీనియర్ చెప్తారు. ఫ్లోరైడ్‌కి ఏ పరిమితితో పోల్చాలి అని ఉంది, అది భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చూస్తే తెలిసిపోతుంది: లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ఫీజు గడువు ఆఫీసులో కనుక్కోవచ్చు. ఇలా కొట్టేసుకుంటూ పోతే చివరికి రెండో మూడో మిగులుతాయి. గైడుకు పంపాల్సినవి అవే. మూడు దాటితే మిగతావి వచ్చే నెలకు ఉంచుకోండి, ఎందుకంటే ఐదు ప్రశ్నలున్న మెయిల్‌కి ఐదింటికీ జవాబు దొరికినప్పుడే రాద్దాం అనిపిస్తుంది, ఆ సమయం మాత్రం రాదు.

ఈమెకి మిగిలినవి మూడు: లెక్క సరిగ్గా కుదరని ఆరు శాంపిల్స్‌ని ఏం చేయాలి, రెండో విడత శాంపిలింగ్ ఎప్పుడు, రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ, అంటే ఆర్‌ఏసీ మీటింగ్ ఎప్పుడు.

రెండో పని: సమస్యను ముందు మనమే చివరి దాకా తవ్వడం

అన్నిటికన్నా ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. మెయిల్ రాయడానికి అరగంట చాలు, కానీ దాని వెనక ఉన్న ఈ పనికి రెండు రోజులు పట్టినా పర్వాలేదు.

ఆ ఆరు శాంపిల్స్ సంగతి చూడండి. నీళ్లలో ధన అయాన్లు (కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం), రుణ అయాన్లు (బైకార్బనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్) మిల్లీ ఈక్వివలెంట్లలోకి మార్చి కూడితే రెండు మొత్తాలూ దాదాపు సమానంగా రావాలి, నీళ్లకు విడిగా విద్యుత్ ఆవేశం ఉండదు కాబట్టి. ఎంత తేడా వచ్చిందో చార్జ్ బ్యాలెన్స్ ఎర్రర్ అనే ఈ లెక్క చెప్తుంది:

```
CBE (%) = (ΣC − ΣA) / (ΣC + ΣA) × 100
```

ఇక్కడ C ధన అయాన్లు, A రుణ అయాన్లు. మామూలుగా ±5 శాతం లోపు ఉంటే ఆ విశ్లేషణను నమ్ముతారు. ఈమె 42 శాంపిల్స్‌లో 36 అలాగే ఉన్నాయి, ఆరు మాత్రం +7 నుంచి +11 మధ్య వచ్చాయి. ఒక బోరులో ధన అయాన్లు 9.2, రుణ అయాన్లు 7.6, అంటే తేడా 1.6, మొత్తం 16.8, లెక్క వేస్తే +9.5 శాతం.

ఇక్కడ ఆగిపోయి "సర్, ఆరు శాంపిల్స్‌లో ఎర్రర్ ఎక్కువ వచ్చింది, ఏం చేయమంటారు?" అని రాస్తే ఆ తవ్వే పని మొత్తం గైడ్ నెత్తిన పెట్టినట్టే. ఆయనకు వెంటనే మూడు ప్రశ్నలు తోస్తాయి, అవి అడగడానికి టైం ఉండదు, మెయిల్ మూసేస్తారు. ఆ మూడు ప్రశ్నలేమిటో ఊహించి వాటికి జవాబులు ముందే కనుక్కోవాలి.

ఆరింటిలోనూ తేడా ప్లస్ వైపే ఉందా? అవును, ఆరూ ప్లస్. అంటే అది అటూ ఇటూ పడే యాదృచ్ఛిక తప్పులా లేదు, రుణ అయాన్ల వైపు ఏదో తక్కువ పడుతోంది. నైట్రేట్ లెక్కలో వేశారా? తోటల్లో ఎరువులు పడే చోట, ఇళ్ల మధ్య బోర్ల దగ్గర నైట్రేట్ బాగానే ఉండొచ్చు, దాన్ని వదిలేస్తే సరిగ్గా ఇలాగే ప్లస్ వస్తుంది. ఈమె చూసుకుంది, అన్నిటికీ వేసే ఉంది. అయితే ఆ ఆరింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఫీల్డ్ నోట్‌బుక్ తెరిస్తే దొరికింది: ఆరూ చివరి రోజు కవిటి వైపు తీసినవి. కవిటి నుంచి శ్రీకాకుళం వందకు పైగా కిలోమీటర్లు, ఆ రోజు రాత్రికి తిరిగొచ్చారు, మర్నాడు ల్యాబ్ మూసి ఉంది, బైకార్బనేట్ టైట్రేషన్ రెండు రోజులు ఆలస్యంగా జరిగింది. సీసా అలా ఉండిపోతే నీళ్లలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బనేట్ అడుగున పేరుకుంటుంది, దాంతో టైట్రేషన్‌లో బైకార్బనేట్ తక్కువ చూపిస్తుంది. కాల్షియం కొలిచే సీసాలో మాత్రం నైట్రిక్ ఆమ్లం వేసి ఉంచారు కాబట్టి అక్కడ ఏమీ పేరుకోలేదు, ధన అయాన్లు సరిగ్గానే వచ్చాయి. ప్లస్ రావడానికి ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంత దూరం వచ్చాక ప్రశ్న దానంతట అదే చిన్నదైపోతుంది. ధన అయాన్లు, ఫ్లోరైడ్ అంకెలను అనుమానించడానికి కారణం కనిపించలేదు, బైకార్బనేట్ మీదే అనుమానం. కాబట్టి బైకార్బనేట్ అవసరమయ్యే పైపర్ డయాగ్రమ్ నుంచి ఆ ఆరూ తీసేసి, మిగతా పట్టికల్లో ఒక గుర్తు పెట్టి ఉంచడం ఒక దారి. అన్నిచోట్లా తీసేసి 36తోనే నడిపించడం ఇంకో దారి. మూడోది ఒకటి ఉంది, తక్కువ పడిన బైకార్బనేట్‌ని లెక్కలో తేడాతో నింపేయడం. అలా చేస్తే చార్జ్ బ్యాలెన్స్ సున్నా వస్తుంది గానీ ఆ తనిఖీకే అర్థం లేకుండా పోతుంది. అది మెయిల్‌లో ఒక దారిగా కూడా పెట్టకండి. మనం ఒప్పుకోలేని దారిని లిస్టులో పెడితే, తొందరలో ఉన్న మనిషి దాన్నే ఎంచుకోవచ్చు.

మూడో పని: ప్రశ్నను ఒక అక్షరంతో జవాబు చెప్పేలా రాయడం

ప్రతి ప్రశ్నలో నాలుగు ఉండాలి: దేని గురించి, దారులు ఏవి, నా ప్రతిపాదన ఏది, మీరు ఏమీ చెప్పకపోతే ఏ తేదీ తర్వాత నేనేం చేస్తాను. చివరిది రాయడానికి మన స్కాలర్లు చాలా జంకుతారు, పెద్దాయనకు గడువు పెట్టడం మర్యాద కాదేమో అని. నా అభిప్రాయంలో మర్యాద తక్కువయ్యేది గడువు వల్ల కాదు, రాసే తీరు వల్ల. "24లోగా జవాబివ్వగలరు" అంటే ఆయన మీద పని పెట్టినట్టు. "24 వరకు చూసి, మీరు వేరేగా చెప్పకపోతే అ ప్రకారం మొదలుపెడతాను సర్" అంటే ఆయన మీద ఉన్న పని తీసేసినట్టు. చాలామంది గైడ్లు రెండోదానికి ఊపిరి పీల్చుకుంటారు. ఆయనకు అభ్యంతరం ఉంటేనే రాయాలి, లేకపోతే ఏమీ చేయక్కర్లేదు.

అయితే ఈ పద్ధతికి హద్దు ఉంది, దాన్ని దాటితే నిజంగా ఇబ్బందుల్లో పడతారు. వెనక్కి తీసుకోగల నిర్ణయాలకే "చెప్పకపోతే ఇలా చేస్తాను" అని రాయాలి. పటం మళ్లీ గీయొచ్చు, పట్టిక మళ్లీ వేయొచ్చు. పేపర్‌ని జర్నల్‌కి పంపడం, రచయితల పేర్లు, వాటి వరుస, థీసిస్ టైటిల్, ఆయన సంతకం కావాల్సిన ఏ ఫారమైనా, ప్రాజెక్టు డబ్బు ఖర్చు, ఇవేవీ మౌనాన్ని అంగీకారంగా తీసుకుని చేయకూడదు. వీటికి స్పష్టమైన "సరే" వచ్చేదాకా ఆగాలి, ఆగుతున్నానని మెయిల్‌లోనే రాయాలి.

ఆర్‌ఏసీ అలాంటిదే. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్ సెమిస్టర్‌కి ఒకసారి ఈ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు తన ప్రగతిని చెప్పాలి, చిన్న రిపోర్టు ఇవ్వాలి. ఆ కమిటీకి కన్వీనర్ గైడే. కాబట్టి తేదీ ఆయనే ఖరారు చేయాలి, మనం చేయలేం. అక్కడ మనం చేయగలిగింది మూడు తేదీలు చూపించి ఒకటి ఎంచుకోమనడమే. "మీకు ఎప్పుడు వీలవుతుంది సర్" అని అడిగితే ఆయన డైరీ తీయాలి, మూడు తేదీలు ఇస్తే వాటినే చూసుకుంటారు.

నాలుగో పని: మెయిల్

ఏ భాషలో గైడుతో రాతకోతలు నడుస్తాయో ఆ భాషలోనే పంపండి. ఇక్కడ అర్థం కావడానికి తెలుగులో ఇస్తున్నాను.

విషయం: పీహెచ్‌డీ ప్రోగ్రెస్, అక్టోబరు – ఉద్దానం శాంపిల్స్‌పై 3 ప్రశ్నలు – 24వ తేదీ

సర్, నమస్కారం.

మే నెలలో తీసిన 42 బోరు శాంపిల్స్ ఫలితాలు పూర్తిగా వచ్చాయి. 36 శాంపిల్స్‌లో చార్జ్ బ్యాలెన్స్ ±5 శాతం లోపు ఉంది. ఆరింటిలో +7 నుంచి +11 వచ్చింది. ఆ ఆరూ చివరి రోజు కవిటిలో తీసినవి, వాటి బైకార్బనేట్ టైట్రేషన్ రెండు రోజులు ఆలస్యమైంది. నైట్రేట్ అన్నిటికీ లెక్కలో ఉంది.

మీ నిర్ణయం కావలసినవి:

1. ఆ ఆరు శాంపిల్స్. (అ) పైపర్ డయాగ్రమ్ నుంచి మాత్రమే తీసేసి, ధన అయాన్లు, ఫ్లోరైడ్ పట్టికల్లో గుర్తుతో ఉంచడం. (ఆ) అన్నిటి నుంచీ తీసేయడం. నా ప్రతిపాదన అ. 24 లోపు మీరు వేరేగా చెప్పకపోతే అ ప్రకారం పటాలు గీస్తాను, తర్వాత మార్చాలన్నా ఒక రోజు పనే.

2. వర్షాల తర్వాతి శాంపిలింగ్. (అ) నవంబరు చివరి వారం. (ఆ) డిసెంబరు రెండో వారం. తుపాను వానలు తగ్గుతాయి కాబట్టి నా ప్రతిపాదన ఆ. మీరు వేరేగా చెప్పకపోతే ఆ తేదీలే పెట్టుకుంటాను. ఈసారి టైట్రేషన్ ఏ రోజుది ఆ రోజే ఫీల్డులో చేస్తాను.

3. ఆర్‌ఏసీ. నవంబరు 18, 20, 25 తేదీల్లో మీకు ఏది వీలు? మీరు చెప్పాకే మిగతా సభ్యులకు తెలియజేస్తాను.

"1అ, 2ఆ, 3–20" అని రాసినా చాలు సర్. ఒక పేజీ పీడీఎఫ్ జతచేశాను.

మెయిల్ అంతే. కింద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు.

ఇందులో కొన్ని కావాలనే వదిలేశాను. "మీ ఆరోగ్యం ఎలా ఉంది సర్" లేదు, "బిజీగా ఉంటారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి" లేదు, "జులైలో, ఆగస్టులో పంపిన మెయిల్స్‌కి జవాబు రాలేదు" అసలే లేదు. ఆ చివరి మాట నిజమే కావచ్చు, కానీ దాన్ని చదివిన మనిషి ముందు తనను తాను సమర్థించుకోవాలి, ఆ తర్వాతే మన ప్రశ్నకు వస్తారు, చాలాసార్లు రారు. పాత మెయిల్స్‌లో ఇంకా అవసరమైన ప్రశ్న ఉంటే దాన్ని ఈ మూడింటిలో ఒకటిగా కొత్తగా రాయండి.

ఇంకొకటి, చెడ్డ వార్త మొదటి పేరాలోనే ఉంది చూడండి. ఆరు శాంపిల్స్ కుదరలేదన్నది చివరి పేరాలో దాచితే, ఆయన అంతవరకు చదవకుండా "బాగుంది, కానియ్" అని జవాబిస్తే, ఆర్‌ఏసీలో బయటి సభ్యుడు ఆ ఆరింటి గురించి అడిగినప్పుడు గైడ్ మొదటిసారి వింటారు. దాని తర్వాత మన మెయిల్స్‌ని ఆయన నమ్మడం కష్టం.

ఒకటే మెయిల్‌లో మూడు నెలల పని మొత్తం చెప్పాలనే కోరిక కలుగుతుంది, ఎన్ని పేపర్లు చదివాను, ఏ వర్క్‌షాప్‌కి వెళ్లాను అని. అవన్నీ ఆర్‌ఏసీ రిపోర్టులోకి వెళ్తాయి. నిర్ణయానికి అక్కరకొచ్చేదే ఇక్కడ ఉండాలి.

జతచేసే ఫైల్ గురించి

ఒక్క పేజీ, పీడీఎఫ్. మన ఉదాహరణలో ఆ పేజీలో పైన 42 శాంపిల్స్ చార్జ్ బ్యాలెన్స్ చుక్కల పటం, ఆ ఆరూ ఎర్ర రంగులో, కింద ఆ ఆరింటి చిన్న పట్టిక. ఎక్సెల్ షీట్ పంపితే ఫోన్‌లో తెరవడం ఇబ్బంది. గూగుల్ డ్రైవ్ లింకు పంపేవాళ్లు ఒకటి చూసుకోవాలి: అనుమతి ఇవ్వకుండా పంపితే ఆయనకు Request access అని వస్తుంది, ఆయన దాన్ని నొక్కరు, మూసేస్తారు, మనకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ఫైల్ పేరులో విషయం, తేదీ ఉండాలి, Uddanam_CBE_14Oct.pdf లాగా, ఎందుకంటే రెండు నెలల తర్వాత ఆయన ఫోన్‌లో వెతికేటప్పుడు final_new2 అనే పేరు ఎవరికీ గుర్తుండదు.

ఎప్పుడు పంపాలి

దసరా సెలవుల్లో, పరీక్షల వాల్యుయేషన్ నడిచే వారాల్లో, న్యాక్ బృందం వచ్చే ముందు పంపకండి. విజయనగరంలో అయితే దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను అయ్యేదాకా ఊరంతా ఆ హడావుడిలోనే ఉంటుంది, మెయిల్ ఆ వారం దాటాక వెళ్లడం మంచిది. మిగతా రోజుల్లో ఆయన ఏ టైంలో జవాబిస్తారో పాత మెయిల్స్‌లో చూడండి. కొందరు తెల్లవారుజామున ఆరింటికి మాత్రమే మెయిల్ చూస్తారు, అలాంటివారికి ముందు రోజు రాత్రి పంపితే పైనే ఉంటుంది.

ఐదో పని: మెయిల్ వెళ్లాక

నాలుగైదు రోజులు ఏమీ చేయకండి. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒక వాక్యం: "సర్, 14న మెయిల్ పంపాను, 3వ ప్రశ్న ఆర్‌ఏసీ తేదీ మాత్రం మీరే చెప్పాలి: 18, 20, 25లో ఏది?" ప్రశ్న అక్కడే ఉండాలి. "మెయిల్ చూడండి సర్" అని మాత్రమే రాస్తే ఆయన ఇంకో చోటికి వెళ్లి వెతకాలి. మిగతా రెండు ప్రశ్నలు ఇక్కడ ఎత్తకండి, వాటికి మనం దారి పెట్టేసుకున్నాం కదా.

ఇంకా జవాబు లేకపోతే, మన దగ్గర బాగా పనిచేసేది కాగితం. మెయిల్‌ని ప్రింట్ తీసి, ఒక్కో ప్రశ్న కింద రెండు వేళ్ల ఖాళీ వదిలి, ఆయన డిపార్ట్‌మెంట్‌లో ఉండే రోజు కనుక్కుని వెళ్లండి. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో విశాఖ బస్సెక్కి రోజంతా గది బయట కూర్చోవడం కన్నా, ఆయన క్లాస్ టైం అటెండర్‌ని అడిగి, క్లాస్ అయ్యి బయటికొచ్చే సమయానికి ఉండడం మంచిది. "రెండు నిమిషాలు సర్, మూడు టిక్కులు పెడితే చాలు" అనండి. పెన్ను మీ చేతిలో ఉండాలి. టిక్ పెట్టిన కాగితాన్ని బయటికి రాగానే ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

కొందరు టిక్ పెట్టరు, నడుస్తూ చెప్తారు: "ఏటమ్మా, ఆ ఆరూ మొత్తం తీసేయ్, రిస్క్ ఎందుకు." ఇది మన ప్రతిపాదనకు వ్యతిరేకం. ఇక్కడ ఒక మాట అడగొచ్చు, అడగాలి కూడా: "ఫ్లోరైడ్ పట్టికలోంచి కూడా తీసేయమంటారా సర్? ఫ్లోరైడ్ విడిగా కొలిచాం, ఆ ఆలస్యం దానికి తగలదు." ఆయన అప్పుడు "అయితే అది ఉంచు" అనొచ్చు, కాదనొచ్చు. ఏదన్నా ఆ రోజు సాయంత్రమే అదే మెయిల్‌కి కింద రిప్లై పెట్టండి: "సర్, ఈ రోజు మీరు చెప్పినట్టు ఆరు శాంపిల్స్ పైపర్ డయాగ్రమ్ నుంచి తీసేస్తున్నాను, ఫ్లోరైడ్ పట్టికలో గుర్తుతో ఉంచుతున్నాను. ఆర్‌ఏసీ నవంబరు 20." జవాబు అడగొద్దు. ఈ రెండు వాక్యాలు లేకపోతే, ఆరు నెలల తర్వాత చాప్టర్ చదివేటప్పుడు "ఈ ఆరూ ఎందుకు లేవు?" అని ఆయనే అడుగుతారు, నడుస్తూ అన్న మాట ఆయనకు గుర్తుండదు, మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

జవాబు వచ్చినా తేలని సందర్భాలు

"ఓకే" అని ఒక్కమాట వస్తుంది. దేనికి ఓకే? మొదటి రెండు ప్రశ్నల్లో మన ప్రతిపాదన ఉంది కాబట్టి వాటికి ఓకే అనే తీసుకుని, "ధన్యవాదాలు సర్, 1అ, 2ఆ ప్రకారం చేస్తాను. ఆర్‌ఏసీకి 20 అనుకోనా?" అని తిరిగి రాయండి. ప్రతిపాదన లేకుండా ప్రశ్న మాత్రమే అడిగుంటే ఆ "ఓకే"తో ఏమీ చేయలేకపోయేవాళ్లం.

"మాట్లాడదాం" అని వస్తే అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. వెంటనే రెండు సమయాలు ఇవ్వండి, "గురువారం మీ క్లాస్ అయ్యాక పదకొండున్నరకి, లేదా శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో" అని. మాట్లాడేటప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నల కాగితమే ముందు పెట్టుకోండి, లేకపోతే సంభాషణ కొత్త ఐడియాల వైపు వెళ్లిపోయి ఇంకో కొత్త చాప్టర్‌తో బయటికొస్తారు.

"ఇంకో ముప్ఫై బోర్లు కలపొచ్చు కదా" లాంటి జవాబు వస్తే కాదనకండి, ఔననకండి. దానికి ఎన్ని రోజులు, ల్యాబ్ ఖర్చు ఎంత, ఏ పని వెనక్కి వెళ్తుంది అనేది లెక్కేసి వచ్చే నెల మెయిల్‌లో ఒక ప్రశ్నగా పెట్టండి. మే నెల శాంపిల్స్ లేని బోరుని డిసెంబరులో కలిపితే రెండు కాలాల మధ్య పోలికకు అది పనికిరాదన్న సంగతి కూడా అక్కడే రాయండి.

24 దాటినా ఏమీ రాకపోతే

చెప్పినట్టే చేయండి. 25న ఒక వాక్యం: "సర్, 1అ ప్రకారం పటాలు మొదలుపెట్టాను, 2ఆ ప్రకారం డిసెంబరు రెండో వారం అనుకుంటున్నాను. 3వ ప్రశ్నకు మీ జవాబు కోసం చూస్తున్నాను." చెప్పిన తేదీకి చెప్పింది చేయకుండా మళ్లీ ఎదురుచూస్తే, వచ్చేసారి మనం పెట్టే తేదీకి విలువ ఉండదు. పని మొదలుపెట్టేటప్పుడు 42 శాంపిల్స్ ఉన్న అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా పక్కన ఉంచి, కాపీలో మాత్రమే ఆరు తీసేయండి. రేపు ఆయన "ఆ" అంటే మార్చడం ఒక రోజు పనే అని రాశాం, అది నిజంగా ఒక రోజు పనిగానే ఉండాలి.

మూడో ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. సెమిస్టర్ ముగియడానికి నెల రోజులు ఉందనగా కూడా ఆర్‌ఏసీ తేదీ తేలకపోతే, కో-గైడ్ ఉంటే ముందు వారితో, లేకపోతే హెచ్‌వోడీ గారితో మాట్లాడండి. అక్కడ "మా గైడ్ పట్టించుకోవట్లేదు" అని మొదలుపెట్టకండి. "ఈ సెమిస్టర్ ఆర్‌ఏసీ జరగాలి మేడమ్, ఈ మూడు తేదీలు సార్‌కి 14న పంపాను, మీరు ఒక మాట చెప్తారా" అని మెయిల్ చూపించండి. చాలాసార్లు హెచ్‌వోడీ ఫోన్ ఒకటి చాలు. ఇది రాతలో ఉండడం మనకెందుకు అవసరమంటే, పని సంతృప్తికరంగా లేదని ఆర్‌ఏసీ రాస్తే దిద్దుబాటు సూచిస్తారు, ఆ తర్వాత కూడా మారకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేసే అధికారం ఆ కమిటీకి ఉంది. మీటింగ్ జరగకపోవడానికి కారణం మనం కాదని చూపించేది ఈ మెయిల్సే.

వచ్చే నెల మెయిల్ కూడా ఇదే రూపంలో, దాదాపు అదే తేదీకి వెళ్లాలి. మొదటి వాక్యం కిందటి నెల తేలినవాటితో మొదలవుతుంది: 1అ ప్రకారం పటాలు పూర్తయ్యాయి, ఆర్‌ఏసీ 20న. తర్వాత కొత్త ప్రశ్నలు. ఆ నెల ప్రశ్నలేమీ లేకపోతే "ఈ నెల మీ నిర్ణయం అవసరమైనవి లేవు" అని విషయం లైన్‌లోనే రాసి, నాలుగు వాక్యాల్లో ముగించండి. ఆర్‌ఏసీ రోజున ప్రెజెంటేషన్‌లో ఒక స్లైడ్ ఈ మెయిల్స్ నుంచే తయారవుతుంది: ఏ నిర్ణయం, ఏ తేదీన, ఎందుకు. బయటి సభ్యులు ఆ ఆరు బోర్ల గురించి అడిగితే ఆ స్లైడ్ చూపించి ఆలస్యమైన టైట్రేషన్ సంగతి చెప్పండి, పక్కనే డిసెంబరులో ఫీల్డులోనే టైట్రేషన్ చేయడానికి బ్యూరెట్, ఇండికేటర్ సిద్ధం చేసుకున్నామని కూడా చెప్పండి.